ఎర్రబడని కార్డు

ఆ వర్క్‌షాపులో ఆవిడని అందరూ కార్డులక్క అనేవారు. ఆ పేరు పెట్టింది మేస్త్రీ. పేకముక్కల సంగతేం కాదు. కంప్యూటర్లో ట్రెల్లో అనే పనుల బోర్డు తెరిచి, ఒక్కో పేషెంటుకి ఒక్కో కార్డు చొప్పున పొద్దున్నించి సాయంత్రం దాకా వాటిని కాపలా కాయడమే ఆవిడ ఉద్యోగం. వంకర తిరిగిన వెన్నులకీ, బలం లేని కాళ్లకీ ప్లాస్టిక్ షీటుతో బ్రేసులు చేసే చోటు అది. ఆస్పత్రిలో టెక్నీషియన్ కొలతలు తీసి కార్డు తెరుస్తాడు. అది ‘కొలతలు’ లిస్టులో పుట్టి, ‘అచ్చు’లోకి, అక్కణ్ణించి ‘తయారీ’లోకి, ‘ట్రయల్’లోకి నడిచి చివరికి ‘అప్పగింత’కి చేరాలి. లోపలి గదిలో ఓవెన్ వేడికి షీటు మెత్తబడి అచ్చు మీద కరుచుకుంటుంటే, బయటి గదిలో ఈవిడ తెర మీద కార్డు పక్క లిస్టుకి వెళ్లేది.

కార్డులక్క చదివింది తక్కువ, భయపడేది ఎక్కువ. ఇంట్లో పాలు పొంగకపోతే పాలు విరిగాయేమో అనుకునే మనిషి. కూతురు బడి నుంచి కాస్త ఆలస్యమైతే ఆవిడ మనసు ఏ రోడ్డు మీద ఏ లారీ కిందకి వెళ్లేదో చెప్పలేం. ఈ ఉద్యోగంలో చేరాక అలవాటొకటి కొత్తగా పట్టుకుంది. స్నానం చేసొచ్చిన కూతుర్ని గోడకి ఆనించి నిలబెట్టి, వెన్నుపూసల మీద వేలు పెట్టి పైనుంచి కిందకి గీసుకుంటూ వచ్చేది. వంకరేమీ లేదని తేలాక కూడా, వేలు సరిగ్గా పెట్టలేదేమోనని ఇంకోసారి గీసేది.

“అమ్మా, నా వీపు మీద కూడా తేదీ వేసి పంపిస్తావా ఏంటి,” అనేది ఆ పిల్ల, టవల్ చుట్టుకుంటూ.

ఆ భయంలోంచే రూల్స్ పుట్టాయి. మొదట్లో ప్రతి కార్డు మీదా తేదీ ఆవిడే చేత్తో వేసేది. ఏదో ఒకటి కళ్లుగప్పి జారిపోతుందని, ఏ పిల్లకో బ్రేసు అందదని ఆవిడకి లోపల ఒకటే గుబులు. ఎవర్నీ అడగలేక, వీడియోలు చూసి, ఆపి, మళ్లీ చూసి బోర్డులో ఆటోమేషన్ అనే తలుపు తెరవడం నేర్చుకుంది. కార్డు ‘తయారీ’ లిస్టులోకి జరిగితే డ్యూ డేట్ ఏడు పనిదినాల తర్వాతికి దానంతటదే పడాలి. చెక్‌లిస్టులో కోత, అంచు, స్ట్రాపు, ప్యాడ్ అన్నీ టిక్ అయితే కార్డు ‘ట్రయల్’లోకి దానంతటదే జరగాలి. డ్యూ డేట్ ముందురోజు కార్డు లిస్టులో అన్నిటికన్నా పైకొచ్చి, ‘అర్జెంట్’ లేబుల్ తగిలించుకోవాలి. రోజూ పొద్దున ‘తయారీ’ లిస్టు డ్యూ డేట్ల ప్రకారం సర్దుకోవాలి, దగ్గరి తేదీ పైన, దూరపు తేదీ కింద. మేస్త్రీ ఆ లిస్టు పైనుంచి పని అందుకుంటాడు.

మొదటి రూల్ చేసేటప్పుడు ఆవిడ ఒక చోట ఆగింది. అసలు డ్యూ డేట్ లేని కార్డులకి మాత్రమే తేదీ పెట్టమనే షరతు చేర్చుకోవచ్చని ఆ పేజీ చూపించింది. చేర్చి ఉంటే, డాక్టరు అడిగిన తేదీతో ఆస్పత్రి నుంచి వచ్చే కార్డుల జోలికి రూల్ వెళ్లేది కాదు. కానీ అంతకు ముందే ఒక టెక్నీషియన్ పొరపాటున ఎప్పుడో దాటిపోయిన తేదీ వేసి కార్డు పంపాడు. తేదీ దాటితే బోర్డు మీద కార్డు ఎర్రబడుతుంది, అది పుట్టడమే ఎర్రగా పుట్టింది. అది చూసి ఓనరు అందరి ముందూ ఆవిడ మీద గొంతు పెంచాడు. ఆ రోజు ఆవిడకి అన్నం సయించలేదు. మళ్లీ ఎవరో తప్పు తేదీ వేస్తే, మళ్లీ ఎర్రబడితే, ఈ ఉద్యోగం కూడా పోతే... అనుకుని షరతు చేర్చకుండానే సేవ్ నొక్కింది. ఎవరు ఏ తేదీ వేసినా సరే, తయారీలోకి అడుగు పెట్టగానే కొత్త తేదీ పడుతుందని, అది ఎవరి చేతుల్లోనూ తప్పు పోదని ఊపిరి పీల్చుకుంది.

నిజంగానే బోర్డు ఎర్రబడటం మానేసింది. ఓనరు మొహం తేటపడింది. ఆస్పత్రి వాళ్లు కూడా ఆ బోర్డు చూస్తారు మరి.

బేకరీలో పనిచేసే ఒకావిడ తన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది ఆ రోజుల్లోనే. అసలు అక్కడికి రావలసిన పని లేదు, కొలతలు ఆస్పత్రిలోనే తీస్తారు. బ్రేసు ఎక్కడ చేస్తారో కళ్లారా చూసుకుంటే గాని మనసు ఒప్పలేదట. ఆ పిల్లకి పన్నెండో ఏడు. నడుము దగ్గర ఒక పక్క గుంటలా ఉంది, రెండో పక్క లేదు. గౌనులో తెలియడం లేదు గాని కార్డులక్క కళ్లకి తెలిసింది, తన పిల్ల వీపు మీద రోజూ వెతికేది దాన్నే కదా. ఎముకలు ఎదిగే వయసులోనే ఈ వంకరని పట్టి ఆపాలని, ఇంకొంచెం ముదిరితే బ్రేసు పనికిరాదు, కోసి రాడ్లు వెయ్యాల్సిందేనని డాక్టరు చెప్పాడట. ఆ మాట చెప్పేటప్పుడు ఆ తల్లి పిల్ల వైపు చూడకుండా, గోడకి వేలాడే పాత బ్రేసుల వైపు చూస్తూ చెప్పింది.

“మా బోర్డులో తేదీ పడితే తప్పదు లేమ్మా,” అంది కార్డులక్క. అలా అనగానే ఆవిడకే ధైర్యం వచ్చింది.

ఆ పిల్ల కార్డు టెక్నీషియన్ వేసిన తేదీతో వచ్చింది. డాక్టరు అడిగిన తేదీ అది. అచ్చు తయారైంది, కార్డు ‘తయారీ’లోకి జరిగింది, రూల్ తన పని తాను చేసింది. డాక్టరు తేదీ పోయి దాని తేదీ పడింది. ఎవరూ గమనించలేదు. అంత పెద్ద తేడా కూడా కాదు అప్పటికి.

బేకరీ ఆవిడ మధ్యాహ్నాలు ఫోన్ చేసేది. వెనకాల ట్రేలు గలగలలాడుతుండేవి. అయిందా మేడమ్ అనేది. కార్డులక్క బోర్డు చూసేది. తేదీ ముందుంది, నల్లగా ఉంది, ఎరుపు లేదు. ఫలానా రోజుకి అయిపోతుందమ్మా అనేది. ఇంకోసారి ఫోన్ వచ్చింది, ఇంకోసారి చూసింది, తేదీ ముందే ఉంది. రోజుకి డజన్ల కార్డులు చూసే మనిషికి ఏ కార్డు మీద ఏ తేదీ ఉందో గుర్తుండదు. ఎరుపు ఉందా లేదా అన్నదే గుర్తుంటుంది. బాగా అలిసిపోయిన గొంతుతో ఆ తల్లి మూడోసారో నాలుగోసారో చేసినప్పుడు ఆవిడ ఎప్పట్లాగే తేదీ చదివి వినిపించింది.

అవతల ట్రే కింద పెట్టిన చప్పుడైంది.

“ఏమనుకోకండి మేడమ్,” అంది ఆ తల్లి. “మీరు చెప్పిన ప్రతిసారీ మా క్యాలెండర్లో సున్నా చుడుతున్నా. మూడు వేర్వేరు తేదీల మీద సున్నాలున్నాయి. పాపకి గౌను నడుం దగ్గర బిగుసుకుపోతోంది.”

కార్డులక్క ఫోన్ పెట్టేసి ఆ కార్డు తెరిచింది. కింద, కార్డుకి జరిగిన ప్రతిదీ నమోదయ్యే యాక్టివిటీ చూసింది. ఎప్పుడూ చూసేది కాదు, దానితో పనేముందని. డాక్టరు అడిగిన తేదీ అన్నిటికన్నా అడుగున ఉంది. దాని మీద తయారీలోకి వచ్చింది, తేదీ మారింది. అచ్చులోకి వెళ్లింది. తయారీలోకి వచ్చింది, తేదీ మారింది. మళ్లీ అచ్చులోకి, మళ్లీ తయారీలోకి, మళ్లీ కొత్త తేదీ. పైకీ కిందకీ రెండుసార్లు చదివింది. అచ్చులోకి వెళ్లడం, తిరిగి రావడం మధ్య నిమిషం కూడా లేదు.

లోపలి గదిలోకి వెళ్లింది. మేస్త్రీ గ్రైండర్ దగ్గర అంచు నున్నగా చేస్తున్నాడు, కనుబొమ్మల మీద తెల్లటి పొడి. మూల బల్ల కింద ఆ పిల్ల అచ్చు నిలబడి ఉంది, తలా కాళ్లూ లేని తెల్లటి మొండెం. నడుం దగ్గర ఒక పక్కే గుంట. దాని మీద ఎవరో ఏప్రాన్ ఆరేశారు. షీటు ముక్క కూడా దాన్ని తాకలేదు.

గ్రైండర్ ఆపి మేస్త్రీ చెప్పిన దాంట్లో దాపరికమేమీ లేదు. ఆ పిల్లకి పల్చటి షీటు కావాలి, అది స్టాకు లేదు. తేదీకి ఇంకా రెండు రోజులుందనగా కార్డుని ఒకడుగు వెనక్కి లాగి ముందుకి వదిలాడు. అంతే, తేదీ కొత్తది పడింది. ఒకసారి చేయి తగిలి జరిగితే తెలిసిన కిటుకు అది. ఇప్పుడు షాపులో అందరికీ తెలుసు.

“మరి షీటు ఎప్పుడొచ్చిందన్నా?” అని అడిగింది.

“వచ్చి చాన్నాళ్లైంది కార్డులక్కా. కానీ నువ్వే కదా పైనున్నది ముందు చెయ్యమన్నావు. ఈ పిల్ల కార్డు ఎప్పుడు చూసినా అడుగునే ఉంటోంది. మాకు తొందరేదో తెలిసేది నీ బోర్డు వల్లేనాయె.”

కొత్త తేదీ పడ్డ కార్డు పొద్దున లిస్టు సర్దుకోగానే అందరికన్నా కిందకి పోతుంది. పైకి పాకి వచ్చే లోపల మళ్లీ ఎవరో వెనక్కి లాగి వదులుతారు. అది ఎప్పటికీ పైకి రాదు. ‘అర్జెంట్’ లేబుల్ తగిలే ముందురోజు దానికి ఎప్పటికీ రాదు. అన్నీ ఆవిడ చెప్పినట్టే, ఒక్కటి కూడా తప్పకుండా జరిగాయి.

మేస్త్రీ చెడ్డవాడేం కాదు. ఆ పిల్ల సంగతి ఆవిడ చెప్పగానే చేతిలో పని పక్కన పెట్టి, ఏప్రాన్ తీసి కట్టుకుని, ఆ అచ్చుని బల్ల మీదకి ఎత్తాడు. షీటు ఓవెన్‌లో పెట్టాడు. మిగతా వాళ్లు స్ట్రాపులు కోశారు. చెక్‌లిస్టు టిక్కులు పడ్డాయి, కార్డు దానంతటదే ‘ట్రయల్’లోకి జరిగింది. ఇంత త్వరగా అయ్యే పనే అని అప్పుడు తెలిసింది అందరికీ.

ట్రయల్‌కి కార్డులక్క కూడా ఆస్పత్రికి వెళ్లింది. ఓనరు వెళ్లమనలేదు, వద్దనీ అనలేదు. చిన్న గదిలో టెక్నీషియన్ ఆ పిల్లకి బ్రేసు తొడిగి వెనక స్ట్రాపు లాగాడు. అంచులు కలవలేదు. ఇంకాస్త లాగాడు. పిల్ల పళ్లు బిగించి ఊపిరి పట్టింది, కలిసేలా తనే సాయం చేద్దామన్నట్టు. చంక కింద ప్లాస్టిక్ ఒరుసుకుంటోంది. ఒత్తాల్సిన ప్యాడ్ ఒత్తాల్సిన చోట లేదు, వెన్ను పైకి పెరిగింది, ప్యాడ్ కిందే ఉండిపోయింది. ఎవరి కోసమో కొలిచిన చొక్కా ఇంకెవరికో తొడిగినట్టుంది. ఆ ఇంకెవరో కూడా ఈ పిల్లే.

మళ్లీ కొలతలు తీస్తారా అని తల్లి అడిగింది. టెక్నీషియన్ ముందు ఫొటో తీయిద్దాం అన్నాడు. ఎక్స్‌రే వచ్చింది. డాక్టరు తెర మీద రెండు గీతలు గీశాడు, పాత ఎక్స్‌రే పక్కన పెట్టి మళ్లీ గీశాడు. ఇద్దరు తల్లులూ ఆ గీతల వైపు చూశారు. చదువు తక్కువైనా ఏ వంకర ఎక్కువో చూస్తే తెలుస్తుంది. ఇది బ్రేసుతో ఆగే దశ దాటిందని, ఇక సర్జన్ దగ్గరికి పంపిస్తానని, అక్కడ వరుస పెద్దదని డాక్టరు మెల్లగా చెప్పాడు. ఆలస్యం ఎందుకైందని ఆయన అడగలేదు. ఇంతమంది పిల్లల్ని చూసే మనిషి, అడిగి ఏం లాభం అనుకున్నాడో ఏమో.

కారిడార్‌లో ఆ తల్లి తిడుతుందని కార్డులక్క కాచుకుని నిలబడింది. తిడితే బావుండునని కూడా అనిపించింది. ఆవిడ తిట్టలేదు. బ్రేసుని సంచిలో పెట్టబోయి, మళ్లీ తీసి ఈవిడ చేతికిచ్చింది.

“ఇంకే పిల్లకైనా సరిపోతుందేమో చూడమ్మా,” అంది. “కొత్తదే కదా.”

అది ఎవరికీ సరిపోదు. ఒక పిల్ల ఒంటి మీద, ఒక నెలకి మాత్రమే సరిపోయే వస్తువది. ఆ మాట చెప్పకుండానే తీసుకుని వచ్చేసింది.

ఆ సాయంత్రం ఇంట్లో కూతురు గోడ దగ్గరికి తనంతట తనే వెళ్లి నిలబడింది, అమ్మ మొహం చూసి. కార్డులక్క వేలు పెట్టలేదు. పద, అన్నం తిను అంది. వేలికి ఏమైనా తగులుతుందేమోనన్న భయం ఎప్పుడూ ఉన్నదే. తగిలితే మాత్రం ఏం చేయగలం అన్నది ఆ రోజు కొత్తగా వచ్చింది.

మర్నాడు షాపు తెరవగానే కూర్చుని ఆటోమేషన్‌లోకి వెళ్లి ఆ మొదటి రూల్ తెరిచింది. డ్యూ డేట్ లేని కార్డులకి మాత్రమే అని షరతు చేర్చి సేవ్ చేసింది. ఇక కార్డుని ఎన్నిసార్లు వెనక్కి లాగి వదిలినా, దాని మీద ఉన్న తేదీ ఉన్నట్టే ఉంటుంది. ఆ తర్వాత ‘తయారీ’లో ఉన్న కార్డులన్నీ ఒక్కొక్కటీ తెరిచి, అడుగున యాక్టివిటీలో ఉన్న మొదటి తేదీ చూసి, ఆ తేదీనే చేత్తో వేస్తూ పోయింది. వేసిన కార్డు వేసినట్టు ఎర్రబడింది. ఒక బాబు కాలు బ్రేసు. ఒక ముసలాయన నడుము పట్టీ. ఇంకో ఆడపిల్ల వెన్ను. పైనించి కింద దాకా లిస్టంతా ఎర్రబడేదాకా ఆవిడ ఆగలేదు. ఇన్నాళ్లూ ఆవిడకి ఎరుపంటే భయం. ఇప్పుడు ఆ ఎరుపులో ఒక్కో పిల్ల కనిపిస్తోంది. మేస్త్రీ గుమ్మంలో నిలబడి చూసి, ఏమిటిది, షాపుకి నిప్పంటించావా అన్నాడు. నవ్వులాటకే అన్నాడు గాని తనే నవ్వలేదు.

ఓనరు వచ్చి తెర ముందు చాలాసేపు నిలబడ్డాడు. గొంతు పెంచలేదు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. ఆస్పత్రి వాళ్లు ఈ బోర్డు చూసి పని వేరే వాళ్లకి ఇచ్చేస్తే, ఈ పదిమందికీ పని ఉండదని, ఎర్రగా కనిపించినంత మాత్రాన చేతులు పెరగవని, మనుషుల్ని కొత్తగా పెట్టుకునే స్థోమత తనకి లేదని వివరంగా చెప్పాడు. అందులో అబద్ధమేదీ లేదు. అదే ఆవిడకి మరీ కష్టంగా ఉంది.

“ముందున్నట్టే పెట్టెయ్యమ్మా,” అన్నాడు. “ఆ పిల్ల విషయం నాకూ బాధే. కానీ అది అయిపోయింది.”

“మిగతావి అవ్వలేదు సార్,” అంది.

ఆయన లేచి, చొక్కా సర్దుకుని, తలుపు దగ్గర ఆగి, మధ్యాహ్నానికల్లా అయిపోవాలి అన్నాడు.

ఆవిడకి గుండె నిబ్బరం లేదు. ఉంటే ఆ కుర్చీలోంచి లేచి వెళ్లిపోయేది. వెళ్లిపోతే ఈ కుర్చీలో ఇంకొకరు కూర్చుని అదే నొక్కుతారు, ఇంట్లో పిల్ల ఫీజు మాత్రం కట్టేవాళ్లుండరు అని లెక్క వేసుకుంది. లెక్క సరిగ్గానే ఉంది. రూల్ తెరిచి షరతు తీసేసి, సేవ్ నొక్కింది. తెర మీద ఏమీ మారలేదు, ఎరుపు ఎరుపులాగే ఉంది. కార్డు కదిలితే గాని రూల్ కదలదు. కదపడానికి మేస్త్రీ వచ్చాడు. ఆవిడ లేచి కుర్చీ ఇచ్చింది. ఆయన చేతులు ప్యాంటుకి తుడుచుకుని మౌసు పట్టుకున్నాడు. ఒక్కో కార్డునీ అచ్చులోకి లాగాడు, వదిలాడు, తిరిగి తయారీలోకి లాగి అడుగున వదిలాడు. ఒక్కొక్కటీ ఎరుపు పోగొట్టుకుని అడుగుకి చేరింది. నా పాపం కాదు అక్కా అన్నాడు ఒకసారి, తల తిప్పకుండా. నాకు తెలుసు అంది ఆవిడ.

లిస్టు సగం నల్లబడేసరికి ఫోన్ మోగింది. కాలు బ్రేసు బాబు తండ్రట. ఎప్పటికవుతుందని చాలా మర్యాదగా అడిగాడు. ఆవిడ మేస్త్రీ భుజం మీదుగా తెర వైపు చూసింది. ఆ కార్డు ఇప్పుడే అడుగుకి వెళ్లింది, కొత్త తేదీ నల్లగా, శుభ్రంగా ఉంది. ఓనరు గది తలుపు తెరిచే ఉంది.

“తేదీ చెప్తాను గాని నమ్మకండి నాయనా,” అంది గొంతు తగ్గించి. “మీరే రండి. వచ్చి ఇక్కడ నిలబడండి.”

వర్క్‌షాపు ఎక్కడో అడ్రసు చెప్పమన్నాడు. ఆవిడ చెప్పింది. తను పగలంతా డ్యూటీలో ఉంటానని, సెలవు దొరకదని, ఆ తేదీ చెబితే చాలని అన్నాడతను.

ఆవిడ తేదీ చెప్పింది.